అక్కా, ఉద్యోగం మానేసి పాఠాలు చెప్పనా?

అక్కా,

పోయిన నెల ఫోన్‌లో ఈ మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. "తీరిగ్గా రాసి పంపు, ఫోన్‌లో అయితే నువ్వు సగమే చెప్తావు" అన్నావు. అందుకే రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. మానేసి, పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పే టీచర్‌గా వెళ్లాలని ఉంది. నువ్వు పద్దెనిమిదేళ్లుగా క్లాసులో నిలబడుతున్నావు. నన్ను సంతోషపెట్టాలని ఏమీ చెప్పకు. వద్దనిపిస్తే వద్దనే చెప్పు, కానీ ఎందుకో కూడా చెప్పు.

నువ్వు ముందు అడిగేది నాకు తెలుసు: "పని మీద విసుగొచ్చి ఇటు చూస్తున్నావా?" అని. నన్ను నేను మొదట అడిగిందీ అదే. ఈ ఆలోచన వచ్చినప్పుడు మా టీమ్ పరిస్థితి బాగాలేదు. మూడు వారాలకోసారి ఆన్‌కాల్, రాత్రి రెండింటికి ఫోన్ మోగడం, పొద్దున్నే మళ్లీ మీటింగు. ఆ స్థితిలో తీసుకున్న నిర్ణయాన్ని నమ్మకూడదనుకున్నాను. అందుకని రాజీనామా మాట పక్కన పెట్టి, ఒక గ్రంథాలయం వాళ్లు ఇచ్చిన గదిలో శనివారాలు రెండు గంటల చొప్పున క్లాసు మొదలుపెట్టాను. పదిహేను నుంచి పదిహేడేళ్ల పిల్లలు 14 మంది వచ్చారు. ఇప్పటికి ఇరవై వారాలు చెప్పాను. తొమ్మిదో వారంలో టీమ్ మారాను, రాత్రి ఫోన్లు ఆగిపోయాయి, పని తేలికైంది. అయినా శనివారం కోసం ఎదురుచూడటం తగ్గలేదు. కాబట్టి విసుగు ఒక్కటే కారణం కాదని అనుకుంటున్నాను. ఈ లెక్క సరైనదేనా, నువ్వే చెప్పాలి.

ఆ ఇరవై వారాల్లో ఏం జరిగిందో వివరంగా రాస్తాను. నీ అభిప్రాయం దాని మీదే కావాలి.

మొదటి రెండు వారాలు నేను చాలా బాగా చెప్తున్నాననుకున్నాను. వేరియబుల్ అంటే పేరు రాసిన పెట్టె అన్నాను. అందులో ఒక విలువ పెడతాం, కావాలంటే మారుస్తాం అన్నాను. బోర్డు మీద బొమ్మ గీశాను. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి వచ్చేసిందనుకుని ముందుకు వెళ్లిపోయాను. నువ్వు ఎప్పుడో అన్న మాట అప్పుడు గుర్తు రాలేదు: "పిల్లలు తల ఊపితే నమ్మకు, కాగితం మీద రాయించు."

మూడో వారం కాగితాలు పంచాను. ఈ నాలుగు లైన్లు బోర్డు మీద రాసి, కంప్యూటర్ ముట్టుకోకుండా ఏం ప్రింట్ అవుతుందో రాయమన్నాను.

```
length = 4
area = length * length
length = 10
print(area)
```

ప్రింట్ అయ్యేది 16. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది 100 అని రాశారు. ఆ కాగితాలు బస్సులో చూస్తుంటే మనసంతా ఏదోలా అయిపోయింది. ఒకరిద్దరు తప్పు రాస్తే వాళ్లకి రాలేదనుకోవచ్చు. తొమ్మిది మంది ఒకే తప్పు చేశారంటే, ఆ తప్పుకి ఒక కారణం ఉండాలి, అందులో నా చెయ్యీ ఉండాలి.

తర్వాతి శనివారం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఎందుకలా రాశారో చెప్పమన్నాను. ఒక అమ్మాయి చాలా స్పష్టంగా చెప్పింది: "ఏరియా అంటే లెంగ్త్ ఇంటూ లెంగ్త్ అని రెండో లైన్లో చెప్పాం కదా. లెంగ్త్ పది అయినప్పుడు ఏరియా వంద అవ్వాలి." లెక్కల క్లాసులో ఇన్నేళ్లూ ఈక్వల్స్ గుర్తుకి ఆమె నేర్చుకున్న అర్థం అదే. రెండు వైపులా ఎప్పుడూ సమానం. ఆ గుర్తు ఇక్కడ "కుడి పక్క లెక్క ఇప్పుడే చేసి, వచ్చిన అంకెని ఎడమ పేరుకి ఇవ్వు" అనే ఆజ్ఞ అని నేను ఒక్కసారి కూడా విడమరిచి చెప్పలేదు. నాకది ఎంత అలవాటైపోయిందంటే, చెప్పాల్సిన విషయంగానే కనిపించలేదు.

ఇంకో అబ్బాయి చెప్పింది మరీ ఆశ్చర్యం. అతనికి ఇచ్చింది ఇది:

```
a = 5
b = 7
a = b
print(b)
```

ఏమీ ప్రింట్ అవ్వదని రాశాడు. ఎందుకని అడిగితే, "బి పెట్టెలో ఉన్న ఏడు ఏ పెట్టెలోకి వెళ్లిపోయింది కదా, బి ఖాళీ" అన్నాడు. అది నా పెట్టె బొమ్మ నుంచి నేరుగా వచ్చిన తప్పు, అక్కా. నిజం పెట్టెలో వస్తువు ఇటు తీసి అటు పెడితే ఇక్కడ ఉండదు. వేరియబుల్లో అలా కాదు, విలువ నకలు వెళ్తుంది, పాతచోట అలాగే ఉంటుంది. ఇంకొకరికి ఒకే పెట్టెలో రెండు విలువలు ఉండొచ్చని అనుమానం ఉంది, పెట్టెలో రెండు వస్తువులు పడతాయి కాబట్టి. తర్వాత చదివితే తెలిసింది, ఈ పెట్టె పోలిక వల్ల వచ్చే తప్పుల గురించి చాలా కాలంగా రాస్తూనే ఉన్నారని. ప్రోగ్రామ్ లోపల యంత్రం ఏం చేస్తోందో మనసులో ఒక బొమ్మ కట్టుకోవాలి కదా, దానికి బెనెడిక్ట్ డు బూలే అనే ఆయన 1980లలోనే "నోషనల్ మెషీన్" అని పేరు పెట్టాడు. పిల్లల దగ్గర లేనిది ఆ బొమ్మ. నేను ఇచ్చింది సగం తప్పు బొమ్మ.

దాని తర్వాత నాలుగు వారాలు కొత్త పాఠం చెప్పలేదు. ప్రతి క్లాసులో మొదటి అరగంట కంప్యూటర్లు మూసేసి, పెన్సిల్‌తో పట్టిక గీయించాను. అడ్డంగా వేరియబుల్ పేర్లు, నిలువుగా లైన్ నంబర్లు. ఒక్కో లైను తర్వాత ఏ పేరు కింద ఏ అంకె ఉందో రాయాలి, మారనిది పైనున్నట్టే కిందికి దించాలి. మొదట వాళ్లకి ఇది చాదస్తంగా అనిపించింది. రెండో శనివారానికి ఆ అమ్మాయే పట్టికలో మూడో లైను దగ్గర ఆగి, "ఏరియా కాలమ్‌లో ఎవరూ ముట్టుకోలేదు కదా, అది పదహారే" అంది. ఆ మాట విన్న నిమిషం కోసమే ఈ ఉత్తరమంతా రాస్తున్నాననిపిస్తోంది. ఆరేళ్లలో నేను రాసిన ఏ కోడ్ పని చేసినప్పుడూ నాకు అలా అనిపించలేదు.

నాలుగు వారాల తర్వాత పేర్లు, అంకెలు మార్చి అదే రకం ప్రశ్న ఇస్తే పన్నెండు మందిలో ఇద్దరే తప్పు రాశారు. పన్నెండు మంది అని ఎందుకన్నానంటే, అప్పటికి ఇద్దరు రావడం మానేశారు. ఆ సంగతి కింద రాస్తాను.

చదవడం వచ్చింది కదా, రాయడమూ వస్తుందనుకున్నాను. రాలేదు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు అయ్యాక ఒక ప్రసిద్ధమైన లెక్క ఇచ్చాను. వరసగా అంకెలు తీసుకుంటూ పోవాలి, 99999 వచ్చినప్పుడు ఆపాలి, అప్పటిదాకా వచ్చినవాటి సగటు చెప్పాలి. యేల్ యూనివర్సిటీలో ఇలియట్ సోలోవే 1980లలో విద్యార్థులకి ఇచ్చిన, తర్వాత వర్షపాతం లెక్కగా పేరుపడిన లెక్క ఇది. ఒక కోర్సు పూర్తిచేసిన వాళ్లలో కూడా చాలామంది తడబడ్డారని తెలిసే ఇచ్చాను. సరైన జవాబు ఇలా ఉంటుంది:

```
total = 0
count = 0
n = int(input())
while n != 99999:
    total = total + n
    count = count + 1
    n = int(input())
print(total / count)
```

పన్నెండు మందిలో నలుగురికే వచ్చింది. ముగ్గురు 99999ని కూడా మొత్తంలో కలిపేశారు. ఇద్దరు లూపు లోపల రెండోసారి అంకె అడగడం మర్చిపోయారు, వాళ్ల ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. మిగిలిన ముగ్గురు మొదలే పెట్టలేకపోయారు. మొదటి అంకే 99999 అయితే సున్నాతో భాగించాల్సి వస్తుందన్నది ఒక్కరికీ తట్టలేదు, సరిగ్గా రాసిన నలుగురితో సహా.

కాగితాలు మళ్లీ మళ్లీ చూశాక నాకు తెలిసిందేమిటంటే, కూడటం, లెక్కపెట్టడం, ఆపడం, ఈ మూడూ విడివిడిగా అందరికీ వచ్చు. మూడూ ఒకే లూపులో ఎవరు ముందు ఎవరు వెనక కూర్చోవాలన్నదే రాదు. సోలోవే కూడా దాదాపు ఇదే అన్నాడు, ముక్కలు తెలియడం వేరు, అతికించడం వేరని. తర్వాతి క్లాసులో పై లైన్లన్నీ విడివిడి చీటీల మీద రాసి, కలిపేసి, వరస సరిచెయ్యమన్నాను. టైపు చేసేది ఏమీ లేదు, వరస గురించి మాత్రమే వాదించుకోవాలి. అంకె అడిగే రెండవ `input` చీటీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద పావుగంట గొడవ పడ్డారు. నేను నోరు మూసుకుని నిలబడటం అన్నిటికన్నా కష్టమైంది.

ఈ నోరు మూసుకోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పిల్లల్నీ వాళ్ల పెద్దవాళ్లనీ అడిగి రెండు క్లాసులు ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికెళ్లి విన్నాను. విన్న యాభై నిమిషాల్లో నలభై ఒక్క నిమిషం నా గొంతే. ప్రశ్న అడిగి ఒక సెకను, మహా అయితే రెండు సెకన్లు ఆగి, జవాబు నేనే చెప్పేస్తున్నాను. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లు దాటి ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని చూపించిందట. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. క్లాసులో నిశ్శబ్దంగా మూడు సెకన్లు నిలబడి చూస్తే తెలుస్తుంది అది ఎంత పొడవో. మా ఆఫీసులో ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడే మంచి ఇంజనీరు. ఆరేళ్లుగా నేను నేర్చుకున్నది అది. ఇక్కడ ఆ అలవాటే పిల్లల పనిని నేను లాక్కునేలా చేస్తోంది. నీకు ఈ అలవాటు పోవడానికి ఎంతకాలం పట్టింది? లేక మొదటి నుంచీ లేదా?

ఇప్పుడు మానేసిన ఇద్దరి సంగతి. ఒకరికి వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. రెండో పిల్లవాడు మాత్రం నా వల్లే మానేశాడనుకుంటున్నాను. అతను నెమ్మది. పట్టికలు గీయించే వారాల్లో, త్వరగా అయిపోయిన ఇద్దరు గోల చేస్తుంటే వాళ్లకి పెద్ద లెక్క ఒకటి ఇచ్చి బోర్డు దగ్గర వాళ్లతో చాలాసేపు మాట్లాడాను. నాకు వాళ్లతో మాట్లాడటం ఇష్టంగా ఉంది, అదీ నిజం. ఇతను రెండో లైను దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. క్లాసు అయిపోయాక అతని కాగితం చూస్తే, ఒకే గడిలో నాలుగుసార్లు రాసి చెరిపిన గుర్తులున్నాయి. పిలిచి మాట్లాడదామనుకుని వచ్చే వారానికి వాయిదా వేశాను. వచ్చే వారం అతను రాలేదు. ఫోన్ చేస్తే "పరీక్షలున్నాయి సార్" అన్నాడు. మళ్లీ రాలేదు.

అక్కా, దీని గురించే నీ దగ్గర ఎక్కువ వినాలి. పద్నాలుగు మందిలోనే నేను ఒకరిని చూడలేకపోయాను. నీకు ఒక్కో సెక్షన్లో ముప్పై అయిదు మంది. పైగా నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇష్టపడి, సెలవు రోజు మానుకుని వచ్చినవాళ్లు. నీ దగ్గర కూర్చునేవాళ్లలో సగం మందికి ఆ పీరియడ్ అక్కర్లేదు. నేను చేసిన ప్రయోగంలో ఈ ముఖ్యమైన భాగం లేనే లేదని నాకు తెలుసు. ఇష్టం లేని పిల్లల ముందు నిలబడితే కూడా నాకు ఆ పదహారు అంకె సంతోషం దొరుకుతుందా? లేక నాకు నచ్చింది తెలివైన పిల్లలతో కబుర్లు చెప్పడమేనా? రెండోది అయితే ఉద్యోగం మానక్కర్లేదు, శనివారాలు చాలు.

పని లెక్క కూడా వేశాను. నాలుగు సెక్షన్లంటే 140 మంది. ఒక్కో కాగితానికి అయిదు నిమిషాలు వేసుకున్నా 700 నిమిషాలు, దగ్గర దగ్గర పన్నెండు గంటలు, ఒక్క చిన్న పరీక్షకి. నాకు కాగితాల్లో తప్పులు చదవడం ఇష్టం, కానీ అది పన్నెండు కాగితాల ఇష్టం. నూటనలభై చదివాక కూడా ఎవరి తప్పు ఎందుకు వచ్చిందో ఆలోచించే ఓపిక ఉంటుందా, టిక్కులు కొట్టుకుంటూ పోవడమేనా? నువ్వు నిజంగా ఎన్నిటికి రాసి పంపుతావు, ఎన్నిటికి మార్కు వేసి ఊరుకుంటావు? ఇది తప్పు పట్టడానికి అడగడం లేదు. నా ఊహకీ నిజానికీ ఎంత దూరమో తెలియాలి.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. నువ్వు చెప్పిన జీతం నా దానిలో మూడో వంతు. ఆరు నెలలుగా ఆ మూడో వంతుతోనే బతికి చూస్తున్నాను, మిగిలింది వేరే ఖాతాలో వేసి ముట్టుకోవడం లేదు. నాలుగు నెలలు గడిచింది. రెండు నెలలు గడవలేదు, ఒకసారి ల్యాప్‌టాప్ పాడైంది, ఒకసారి అమ్మకి పరీక్షలు చేయించాల్సి వచ్చింది. అంటే మామూలు నెలలకి సరిపోతుంది, అనుకోని ఖర్చొస్తే సరిపోదు. దాచిన దాంతో అలాంటి నెలల్ని కొన్నేళ్లు దాటించొచ్చు. నాన్నకి ఇంకా చెప్పలేదు. చెప్పేముందు నీ మాట వినాలి.

ఇంకో భయం ఉంది. నేను ఇప్పుడు బాగా చెప్పగలుగుతున్నానంటే, రోజూ ఆ పని చేస్తున్నాను కాబట్టి. ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోయిందో వెతకడం నాకు నిన్న చేసిన పని. అయిదేళ్లు కోడ్ రాయకుండా అదే వేరియబుల్, అదే లూపు ఏడాదికి నాలుగు సెక్షన్లకి చెప్తే, నేను చెప్పేదాంట్లో జీవం మిగులుతుందా? లూపుల పాఠం ఇప్పటికి రెండుసార్లే చెప్పాను. రెండోసారి మొదటిసారి కన్నా బాగుంది. ఇరవయ్యోసారి ఎలా ఉంటుందో నీకే తెలుసు. రెండేళ్లు పోయాక వెనక్కి రావాలనుకుంటే రానివ్వొచ్చు, కానీ తక్కువ స్థాయిలో మొదలుపెట్టాలి. దానికి సిద్ధంగా ఉన్నాను. అయిదేళ్ల తర్వాత అంత సులువు కాదు.

నాది ఒక కోరిక. వచ్చే నెల పది రోజులు సెలవు పెట్టగలను. మీ స్కూల్లో ఒప్పుకుంటే ముందు మూడు రోజులు నీ క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుంటాను. తర్వాత వారం రోజులు నీకున్న వాటిలో అందరికన్నా కష్టమైన సెక్షన్‌ని నాకివ్వు, నువ్వు వెనక కూర్చో. మంచి సెక్షన్ వద్దు. ఆ వారం కాగితాలన్నీ నేనే దిద్దుతాను. ఆఖరి రోజు సాయంత్రం, నేను ఏ పిల్లల్ని చూడకుండా వదిలేశానో పేర్లతో సహా నాకు చెప్పు.

మానేసిన ఆ పిల్లవాడికి నిన్న మళ్లీ ఫోన్ చేశాను. పరీక్షలు అయిపోయాయట. ఈ శనివారం క్లాసుకి గంట ముందు ఒక్కడినే రమ్మన్నాను. వస్తానన్నాడు. రెండో లైను దగ్గర ఎక్కడ ఆగిపోయాడో అతన్నే చెప్పమని అడుగుదామనుకుంటున్నాను. నువ్వైతే ఎలా మొదలుపెడతావు? శనివారంలోపు ఈ ఒక్కదానికైనా జవాబు రాయి.

నీ తమ్ముడు